వడ్డీ లేని వాయిదాల అసలు వడ్డీ

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



అప్పుల గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. వడ్డీ వ్యాపారి గురించి, సూక్ష్మరుణ సంస్థల గురించి, పొదుపు సంఘాల గురించి మాట్లాడుకున్నాం. టీవీ, ఫోను, వాషింగ్ మెషిను మీద తీసుకునే వాయిదాల అప్పు మాత్రం మన చర్చల్లోకి అంతగా రాలేదు. దుకాణం ముందు "నో కాస్ట్ ఈఎంఐ" అన్న బోర్డు ఉంటుంది కాబట్టి, దాన్ని అప్పుగా కాక సౌకర్యంగా చూడటం మనకి అలవాటైపోయింది. నెలనెలా సంఘం పుస్తకంలో వడ్డీ లెక్క రాసుకునే స్త్రీలు కూడా ఈ కాగితం దగ్గరికి వచ్చేసరికి లెక్క వెయ్యరు. వడ్డీయే లేదన్నప్పుడు లెక్కేముంటుంది అనుకుంటారు. ఆ లెక్క ఎలా వెయ్యాలో ఈరోజు చూద్దాం.

మొదట ఒక మాట. వడ్డీ మాయమవడం అంటూ ఎక్కడా ఉండదు. సంఘాలకు వడ్డీ లేని రుణాలు ఇచ్చినప్పుడు బ్యాంకు వడ్డీ మానుకోలేదు, ఆ భారం ప్రభుత్వం భరించింది. దుకాణంలోనూ అంతే. రుణమిచ్చే కంపెనీ తన రాబడి తాను తీసుకుంటుంది. అది కొంత వస్తువు తయారుచేసిన కంపెనీ నుంచో, దుకాణం నుంచో వస్తుంది. కొంత ఫీజుల పేరుతో మన నుంచి వస్తుంది. రిజర్వు బ్యాంకు 2013 సెప్టెంబరు 17న బ్యాంకులకు రాసిన ఉత్తర్వులో సున్నా శాతం వడ్డీ అనేదే లేదని చెప్పింది. క్రెడిట్ కార్డు వాయిదా పథకాల్లో వడ్డీని ప్రాసెసింగ్ ఫీజుగా మార్చి వసూలు చేస్తున్నారని కూడా అందులోనే చెప్పింది. ఇప్పుడు బోర్డుల మీద ఎక్కువగా కనిపించే మాట "నో కాస్ట్". మాట మారినా, మనం అడగవలసిన ప్రశ్న మారలేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు నేను లెక్క సులువుగా ఉండేలా ఎంచుకున్నవి. పథకం తీరు మాత్రం దుకాణాల్లో మామూలుగా నడిచేదే. టీవీ ధర 24,000 రూపాయలు. మొత్తం 8 వాయిదాలు, ఒక్కొక్కటి 3,000. అందులో రెండు వాయిదాలు ఆ రోజే కట్టాలి. మిగిలిన ఆరూ వచ్చే నెల నుంచి ఆమె బ్యాంకు ఖాతాలోంచి వాటంతటవే కోసుకుంటారు. ప్రాసెసింగ్ ఫీజు 599, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 707 రూపాయలు. ఇదీ ఆ రోజే కట్టాలి.

ఇక్కడ ఆమె తీసుకున్న అప్పు ఎంత? 24,000 అని చెబుతారు. అది నిజం కాదు. 6,000 ఆమె అక్కడికక్కడే కట్టేసింది. కాబట్టి అప్పు 18,000. అందులోంచి 707 ఫీజుగా పోయింది. నిజంగా ఆమె వాడుకుంటున్న పరాయి సొమ్ము 17,293 రూపాయలే. అదైనా ఆరు నెలలూ ఆమె దగ్గర ఉండదు. నెలకి మూడు వేల చొప్పున వెనక్కి పోతూ ఉంటుంది. సగటున చూస్తే సగానికి కాస్త ఎక్కువ సొమ్మును మాత్రమే ఆమె ఆరు నెలలు వాడుకుంటుంది. ఫీజు మాత్రం మొత్తం అప్పు మీద మొదటి రోజే పడింది. చిన్నదిగా కనిపించే ఫీజు పెద్ద వడ్డీగా మారేది ఇందువల్లే.

దీన్ని శాతంలోకి మార్చడానికి కాగితం, కలం చాలు. అదనంగా కట్టిన మొత్తాన్ని 2,400తో గుణించండి. వచ్చినదాన్ని, చేతికి వచ్చిన అప్పుతో భాగించండి. దాన్ని మళ్ళీ వాయిదాల సంఖ్యకు ఒకటి కలిపి ఆ అంకెతో భాగించండి. మన ఉదాహరణలో అదనం 707, చేతికి వచ్చిన అప్పు 17,293, మిగిలిన వాయిదాలు 6, ఒకటి కలిపితే 7. లెక్క వేస్తే ఏడాదికి 14 శాతం వస్తుంది. మన భాషలో చెప్పాలంటే నూటికి నెలకి రూపాయి పావలా కన్నా కాస్త తక్కువ. ఇది ఉజ్జాయింపు లెక్క. కచ్చితమైన లెక్క 13.9 శాతం. తేడా స్వల్పమే కాబట్టి మన అవసరానికి ఉజ్జాయింపు చాలు.

పధ్నాలుగు శాతం అంటే అంత అన్యాయమేమీ కాదు కదా అని మీలో కొందరికి అనిపించవచ్చు. నిజమే. ఇక్కడితో ఆగితే పెద్దగా చెప్పుకోవలసింది లేదు. కానీ దుకాణంలో అడగవలసిన అసలు ప్రశ్న ఇంకా మిగిలే ఉంది. "ఇదే టీవీని మొత్తం డబ్బు ఇప్పుడే కట్టి తీసుకుంటే ఎంతకిస్తారు?" అని అడగాలి. వాయిదాల మాట ఎత్తకముందే అడగాలి. ఎందుకంటే వాయిదాలంటే పూర్తి ధర వేసి, రొక్కమంటే తగ్గించే దుకాణాలు చాలా ఉన్నాయి. ఆ తగ్గింపు కోల్పోవడమే వాయిదాల ఖరీదులో పెద్ద భాగం. అది ఏ రసీదులోనూ కనపడదు.

ఆ దుకాణదారు రొక్కానికి వెయ్యి తగ్గించి 23,000కి ఇస్తాడనుకుందాం. అప్పుడు టీవీ అసలు ధర 23,000. వాయిదాల్లో ఆమె మొత్తం కట్టేది 24,707. అదనం 1,707. ఆమె వాడుకునే పరాయి సొమ్ము 16,293 మాత్రమే. ఇందాకటి లెక్కే వేస్తే దాదాపు 36 శాతం వస్తుంది. కచ్చితంగా చూస్తే 35.1 శాతం. నూటికి దాదాపు మూడు రూపాయల వడ్డీ. మీ కార్యాలయంలో కంప్యూటరు ఉంటే ఎక్సెల్‌లో ఒక గడిలో ఇది కొట్టి సరిచూసుకోవచ్చు. జవాబు 0.351 అని వస్తే 35.1 శాతం అని అర్థం.

```
=RATE(6,-3000,16293)*12
```

శాతాలు నమ్మబుద్ధి కాని వాళ్ళ కోసం ఇంకో దారి ఉంది. సంఘం సమావేశంలో ఇది బాగా పనికొస్తుంది. ఆమె తన ఆరు వేలు పెట్టి, మిగిలిన 17,000 సంఘంలో అప్పు తీసుకుని, రొక్కంతో టీవీ కొన్నదనుకుందాం. ఆ అప్పు అసలును ఆరు సమాన భాగాలుగా ఆరు నెలల్లో తీరుస్తుంది. మిగిలిన అసలు మీదే నెలకి రూపాయి వడ్డీ అయితే మొత్తం వడ్డీ 595. టీవీ ఆమెకి 23,595కి పడుతుంది. రెండు రూపాయల వడ్డీ అయితే 24,190. దుకాణం వాయిదాల్లో అయితే 24,707. అంటే సంఘంలో రెండు రూపాయల వడ్డీకి తెచ్చుకున్నా, వడ్డీ లేదన్న పథకం కంటే ఐదు వందలు తక్కువకే వస్తుంది. మూడు రూపాయల దగ్గరికి వెళితేగాని రెండూ సమానం కావు.

ఇక వాయిదా తప్పితే ఏమవుతుంది? కోత తేదీన ఖాతాలో డబ్బు లేకపోతే రుణమిచ్చిన కంపెనీ ఒక చార్జీ వేస్తుంది. ఆమె బ్యాంకు కూడా వేరే చార్జీ వెయ్యవచ్చు. రొక్కానికి తగ్గింపే లేని మొదటి లెక్కను తీసుకున్నా, ఒక్కసారి 500 రూపాయల చార్జీ పడితే 14 శాతం కాస్తా సుమారు 24 శాతం అవుతుంది. ఇది ఎవరికి జరుగుతుందో ఆలోచించండి. జీతం ఒకటో తారీఖున ఖాతాలో పడేవాళ్ళకి కాదు. ఇళ్ళలో పనిచేసి, యజమానురాలు ఇచ్చినప్పుడు డబ్బు తీసుకునే స్త్రీకి జరుగుతుంది. పైగా ఫోను కొడుకు వాడతాడు, టీవీ ఇంటిల్లిపాదీ చూస్తారు, అప్పు మాత్రం ఆమె పేరు మీద ఉంటుంది. సంఘంలో సక్రమంగా అప్పు తీర్చిన చరిత్ర ఆమెకే ఉండటం ఒక్కోసారి దీనికి కారణం. కోత ఆమె ఖాతాలోనే పడుతుంది, పిల్లల ఫీజు కన్నా, బియ్యం కన్నా ముందు. కాబట్టి కోత తేదీని ఆమెకి డబ్బు చేతికందే తేదీ తర్వాత పెట్టమని సంతకానికి ముందే అడగాలి.

క్రెడిట్ కార్డు మీద అయితే దారి కాస్త వేరు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మకందారు ధర తగ్గిస్తాడు. 24,000 టీవీకి ఏడాదికి 16 శాతం చొప్పున ఆరు నెలలకి వడ్డీ సుమారు 1,081 అవుతుంది. ధర అంతే తగ్గుతుంది కాబట్టి వాయిదాలన్నీ కలిపి 24,000కే తేలుతాయి. కానీ కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇక్కడ 195 రూపాయలు, ఎవరూ తగ్గించరు. ప్రాసెసింగ్ ఫీజు ఉంటే అది వేరే. ఈ రెండూ కార్డు బిల్లులో తర్వాత కనపడతాయి.

మనకి చట్టపరంగా ఉన్న ఆధారం కూడా తెలుసుకోవాలి. 2024 ఏప్రిల్ 15న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, 2024 అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త వ్యక్తిగత రుణాలకు బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు ముఖ్యమైన వివరాల పత్రం ఒకటి ఇవ్వాలి. దాన్ని దుకాణాల్లో కేఎఫ్‌ఎస్ అంటారు. అది రుణం తీసుకునే మనిషికి అర్థమయ్యే భాషలో ఉండాలి. ఫీజులు, తమ ద్వారా వసూలు చేసే బీమా వంటి బయటి చార్జీలు కలిపిన వార్షిక రేటు అందులో ఉండాలి. పత్రంలో లేని చార్జీని ఆమె స్పష్టమైన అంగీకారం లేకుండా తర్వాత వెయ్యకూడదు. రుణ గడువు వారం, అంతకు మించి ఉంటే, ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాలు ఇవ్వాలి. "ఇప్పుడే ఓటీపీ చెప్పండి, ఆఫర్ పోతుంది" అనేవాడికి ఇది గుర్తుచేయవచ్చు. అయితే క్రెడిట్ కార్డు బకాయిలకు ఈ ఉత్తర్వు వర్తించదు.

ఇంకొక పరిమితి అంతకన్నా ముఖ్యం. ఆ పత్రం ఫీజుల్ని పట్టుకుంటుంది గాని, కోల్పోయిన రొక్కపు తగ్గింపును పట్టుకోలేదు. రుణమిచ్చే కంపెనీకి టీవీ ధర 24,000. అది 23,000కి దొరుకుతుందన్న సంగతి ఆ కాగితానికి తెలియదు. మన ఉదాహరణలో 14 శాతానికీ 35 శాతానికీ మధ్య ఉన్న దూరమంతా అదే. అది అడిగిన మనిషికే తెలుస్తుంది. ఒక్క దుకాణంలో కాదు, కనీసం రెండు చోట్ల అడగాలి.

అన్ని వాయిదా పథకాలూ మోసమే అని నేను అనడం లేదు. రొక్కం ధర, వాయిదాల ధర ఒకటే అయి, ఫీజు లేకుండా ఉంటే అది నిజంగానే ఉచితం. వాడుకోవచ్చు. అలాగే శాతం ఒక్కటే చూసి భయపడకూడదు. అదే 707 రూపాయల ఫీజు ఎక్కువ నెలల మీద పరిస్తే శాతం తగ్గుతుంది, చేతి నుంచి పోయే రూపాయలు మాత్రం అవే. శాతం ఇంకో అప్పుతో పోల్చుకోవడానికి, రూపాయలు ఇంటి ఖర్చుతో పోల్చుకోవడానికి.

వచ్చే నెల మీ సంఘాల సమావేశాలకి ఇలాంటి కాగితాలు ఉన్నవాళ్ళని తెచ్చుకోమనండి. ఒక్కో కాగితం మీద నాలుగు అంకెలు రాయించండి: రొక్కం ధర, మొదటి రోజు కట్టింది, నెల వాయిదా, ఎన్ని నెలలు. వాటితో వడ్డీ తేలిపోతుంది. పత్రంలో లేని చార్జీ కనపడితే రుణమిచ్చిన సంస్థకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయించి, నకలు దాచండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి రాయవచ్చు. ఆ ఫిర్యాదుతో ఈ లెక్క కాగితాన్ని కూడా జతచేయండి.