తప్పు ఎక్కడ పెట్టాలి?



స్వర్ణోత్సవ సభ కదా, పాత జ్ఞాపకాలు చెబుతానని అనుకొని ఉంటారు. వాటిని నాకంటే బాగా చెప్పేవాళ్లు వెనక వరసల్లో చాలామంది ఉన్నారు. రెండేళ్లుగా నేను మన బడిలోనే ఆదివారాలు పదో తరగతి పిల్లలకు లెక్కలు చెబుతున్నాను. అందులో ఒక్క పని గురించి చెప్పి కూర్చుంటాను. అదేమిటంటే, చేసి చూపించిన లెక్కలో కావాలని ఒక తప్పు పెట్టి, 'పట్టుకోండి' అని పిల్లల చేతికివ్వడం.

నన్ను ఈ పనిలోకి దింపింది ఒక సన్‌షేడ్. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డిజైన్ లెక్కల కాగితాన్ని సరిచూడమని నాకిచ్చారు. కాలిక్యులేటర్ పట్టుకొని ప్రతి వరసా మళ్లీ కట్టాను. కూడికలూ గుణకారాలూ అన్నీ సరిపోయాయి. ఎర్ర సిరాతో టిక్కులు పెట్టి సంతకం చేశాను. గోడలోంచి బయటికి వేలాడే సన్‌షేడ్‌కి బెండింగ్ మూమెంట్ wL²/2 రావాలి. ఆ కాగితంలో రెండు చివరలా ఆధారం ఉన్న దూలానికి వాడే wL²/8 రాసి ఉంది. అంటే ఉండాల్సిన దాంట్లో నాలుగో వంతు. పైగా పై భాగంలో ఉండాల్సిన ఊచలు కింద పడ్డాయి. కాంక్రీటు పోయకముందే పెద్ద ఇంజనీరు చూసి ఆపారు. ఆయన నన్ను తిట్టలేదు. 'నువ్వు లెక్క మళ్లీ చేశావు, చూడలేదు' అన్నారంతే. స్కూల్లో, కాలేజీలో నాకు లెక్కల్లో మంచి మార్కులే వచ్చేవి. ఇంకొకరు చేసిన లెక్కను చదవడం మాత్రం నాకు రాదని ఆ రోజు తెలిసింది.

అందుకే పిల్లలకు లెక్కలు చెప్పే అవకాశం రాగానే ఇది మొదలుపెట్టాను. మొదటిసారి పూర్తిగా చెడగొట్టాను కూడా. పాఠ్యపుస్తకంలోని వర్గ సమీకరణం ఉదాహరణ ఒకటి తీసుకొని, దాన్ని కాగితం మీదికి ఎక్కించి, ఐదు తప్పులు పెట్టాను. ఒక చోట గుణకారం తప్పు, ఒక చోట అంకె తారుమారు, ఒక చోట గుర్తు మార్పు. పిల్లలు పుస్తకం తెరిచి పక్కన పెట్టుకొని, ఆదివారం పేపర్లో రెండు బొమ్మల మధ్య తేడాలు వెతికినట్టు పది నిమిషాల్లో ఐదూ పట్టేశారు. ఎందుకు తప్పని అడిగితే 'పుస్తకంలో అలా లేదు సార్' అన్నారు. ఒకమ్మాయి అయితే నా ఏడు ఒకటిలా ఉందని ఆరో తప్పు కూడా రాసింది.

అప్పుడు అర్థమైంది, నేను పెట్టినవి నా ఊహలోని తప్పులని, పిల్లలు చేసేవి కావని. తర్వాత మూడు వారాలు వాళ్ల నోటు పుస్తకాలు ఇంటికి తెచ్చుకొని కూర్చున్నాను. వర్గ సమీకరణాల సూత్రం దగ్గర మూడు తప్పులు మళ్లీ మళ్లీ కనిపించాయి. b రుణ సంఖ్య అయినప్పుడు −b దగ్గర గుర్తు మార్చకపోవడం ఒకటి. (−7)²ని −49 అని రాయడం రెండోది. 2aతో మొత్తాన్ని భాగించకుండా వర్గమూలాన్ని మాత్రమే భాగించడం మూడోది. మూడింటినీ ఒకే కాగితంలో కుక్కాలనే ఆశ పుడుతుంది. కుక్కకూడదు. ఒక కాగితానికి ఒక్క తప్పే. పుస్తకంలో లేని అంకెలు తీసుకోవాలి. నేనిచ్చిన కాగితం ఇదీ:

2x² − 7x + 3 = 0 ను సాధించండి.

1. a = 2, b = −7, c = 3
2. b² − 4ac = 49 − 24 = 25
3. x = (−7 ± 5)/4
4. x = −1/2 లేదా x = −3

తప్పు మూడో వరసలో ఉంది. అక్కడ 7 ± 5 రావాలి, అప్పుడు 3, 1/2 మూలాలవుతాయి. నాలుగో వరస మాత్రం తప్పు కాదు, మూడో వరసకి అది నిజాయతీగా వచ్చిన ఫలితం. ఇది చాలా ముఖ్యం. తప్పు పెట్టిన తర్వాత మిగతా లెక్కని ఆ తప్పును నమ్మినవాడిలాగే చివరిదాకా చేయాలి. మధ్యలో మళ్లీ సరైన దారిలోకి వచ్చేస్తే, వరసకీ వరసకీ పొంతన లేని చోటు చూసి పిల్లలు పట్టేస్తారు, గణితం చూసి కాదు. జవాబు కూడా నిజంగా వచ్చేలాంటి జవాబులా ఉండాలి. అందుకే ఈ అంకెలు ఎంచుకున్నాను, తప్పు చేసినా శుభ్రమైన మూలాలే వస్తాయి. రెండో రకం తప్పు పెడితే విచక్షణి −73 అయి, 'వాస్తవ మూలాలు లేవు' అని లెక్క అక్కడే ఆగిపోతుంది. అది వేరే రోజుకి దాచుకోవాల్సిన మంచి కాగితం. ప్రతిక్షేపించి చూడడానికి జవాబే ఉండదు కాబట్టి, x = 0 దగ్గర విలువ 3, x = 1 దగ్గర −2 అని చూసి, ఈ రెండింటి మధ్య ఎక్కడో సున్నా వచ్చి తీరాలని పిల్లలు చెప్పగలగాలి.

కాగితం కింద మూడు ప్రశ్నలు రాస్తాను. మొదట తప్పిన వరస ఏది? చేసినవాడు అప్పుడు ఏమనుకొని ఉంటాడు? అక్కడి నుంచి సరిచేయండి. మధ్య ప్రశ్న లేకపోతే మిగతా రెండూ దండగే. మొదటిసారి ఆ ప్రశ్న అడిగినప్పుడు వెనక బెంచీ అబ్బాయి ఒకడు, 'మైనస్ ఆల్రెడీ ఉంది కదా సార్, మళ్లీ ఎందుకని అనుకుంటాం' అన్నాడు. సూత్రంలోని మైనస్, b లోపలి మైనస్ వాడికి ఒక్కటే. ఆ వాక్యం విన్నాక నేను ఆ పాఠం చెప్పే తీరే మార్చుకున్నాను. ఇప్పుడు −b ని ఎప్పుడూ −(−7) అని కుండలీకరణంతోనే రాయిస్తాను.

లెక్క మళ్లీ మొదటినుంచి చేసి పోల్చి చూడడాన్ని మాత్రం ఒప్పుకోను. నేను సన్‌షేడ్ దగ్గర చేసింది అదే. ముందు జవాబును పరీక్షించమంటాను. x = −3 పెడితే 18 + 21 + 3, అంటే 42 వస్తుంది, సున్నా కాదు. ఎక్కడో తప్పుందని తేలింది కానీ ఎక్కడో తెలియలేదు. ఇప్పుడు మూలాల లబ్ధం చూడాలి. అది 3/2, సరిగ్గా c/a. మొత్తం −7/2. ఉండాల్సింది 7/2. లబ్ధం సరిపోయి మొత్తం గుర్తు మాత్రమే తిరగబడిందంటే, అనుమానం నేరుగా b గుర్తు మీదికే పోవాలి. డాక్టరు నాడి చూసినట్టు, లెక్కలోకి వెళ్లకుండానే జబ్బు ఏ అవయవంలో ఉందో తెలుస్తుంది.

నాలుగు కాగితాలిస్తే వాటిలో ఒక దాంట్లో అసలు తప్పే పెట్టను. లేకపోతే పిల్లలు ఏదో ఒక వరసకి సున్నా చుట్టి తీరతారు. సరైన వరసను సరైనదని ధైర్యంగా వదిలేయడం వాళ్లకి ఎంత కష్టమో ఆ కాగితం దగ్గరే చూశాను.

ఇక నాకు బాగా నచ్చిన కాగితం. దీనిలాంటి లెక్కలు గణితంలో పాతవే, అంకెలు మాత్రం నేను కట్టినవి.

(x + 4)(3 − x) = 6
కాబట్టి x + 4 = 6 లేదా 3 − x = 6
కాబట్టి x = 2 లేదా x = −3

పిల్లలు ప్రతిక్షేపించారు. x = 2 పెడితే 6 × 1, సరిపోయింది. x = −3 పెడితే 1 × 6, అదీ సరిపోయింది. తరగతంతా 'తప్పు లేని కాగితం ఇదే' అని తీర్పు ఇచ్చేసింది. ఒక్కమ్మాయి మాత్రం ఒప్పుకోలేదు. కానీ ఎందుకో చెప్పలేక ఏడుపు మొహం పెట్టింది. నేను బోర్డు మీద 6 చెరిపి 10 రాసి, ఇదే పద్ధతిలో చేయమన్నాను. x = 6, x = −7 వచ్చాయి. వాటిని ప్రతిక్షేపిస్తే లబ్ధం −30. అసలు మూలాలు 1, −2. రెండు సంఖ్యల లబ్ధం సున్నా అయితేనే వాటిలో ఒకటి సున్నా కావాలి. లబ్ధం 6 అయినంత మాత్రాన ఒకటి 6 కానక్కరలేదు. జవాబు సరిపోయింది దారి మంచిదై కాదు, నేను అంకెలు అలా పేర్చినందుకు. టీచర్లకు ఆ కిటుకు చెప్పేస్తాను. (x + a)(b − x) = k లో k = a + b − 1 అయ్యేలా చూసుకుంటే చాలు, ఈ తప్పు దారి ప్రతిసారీ సరైన జవాబుకే చేరుతుంది.

దీనికి హద్దులున్నాయి. పద్ధతి ఇంకా చేతికి రాని పిల్లలకి తప్పు లెక్క ఇస్తే ఆ తప్పే గుర్తుండిపోవచ్చు. గ్రోస్సె, రెంకెల్ అనే జర్మన్ పరిశోధకులు 2007లో ప్రచురించిన పరిశోధనలో కూడా, ముందే కొంత తెలిసినవాళ్లకే తప్పులున్న ఉదాహరణలు మేలు చేశాయి. తక్కువ తెలిసినవాళ్లకి తప్పు ఎక్కడుందో చూపించి ఇచ్చినప్పుడే అవి కొంత నయమయ్యాయి. నేనూ ఇప్పుడు అలాగే చేస్తున్నాను. సరైన లెక్క ఒకటి ముందు చేయిస్తాను. వెనకబడిన పిల్లలకి తప్పు వరస కింద గీత గీసి, 'ఎందుకు' అని మాత్రమే అడుగుతాను. ఒకసారి ఏ గుర్తూ లేని కాగితం ఒకటి ఇంటికి వెళ్లిపోయింది. దాన్ని చూసి ఒక తమ్ముడు ఎక్కించుకున్నాడు. 'సారే తప్పు చెప్పారు' అని వాళ్ల నాన్నగారు ఫోన్ చేశారు. ఆయన కోపం న్యాయమే. అప్పటినుంచి ప్రతి కాగితం మీదా 'ఇందులో తప్పు ఉండవచ్చు' అని పెద్ద అక్షరాలతో రాసి, గంట కాగానే వెనక్కి తీసుకుంటున్నాను.

లెక్కల టీచర్లకు ఒక మనవి. మీ పిల్లల నోటు పుస్తకాల్లో మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. మూడో రకం తప్పుకి, అదే 2aతో భాగించే చోట, నాకింకా మంచి లెక్క దొరకలేదు. తప్పు జవాబు ఎప్పుడూ వికారమైన భిన్నంగానే వచ్చి దొరికిపోతోంది.

భోజనాల దగ్గర నాలుగు రకాల కాగితాలు పెట్టాను. మా బ్యాచ్ వాళ్లు కూడా తీసుకోవచ్చు. ఒకదాంట్లో తప్పు లేదు. ఏదో మాత్రం చెప్పను.