ఈల వేసే వినికిడి యంత్రం

పిల్లవాడి చెవికి పెట్టిన వినికిడి యంత్రం కీచుమని ఈల వేస్తుంటే, చాలా ఇళ్లలో మొదట చేసే పని దాని ధ్వనిని తగ్గించడం. ఈల ఆగుతుంది. కానీ పిల్లవాడికి అందవలసిన మాటలోనూ కొంత ఆగిపోతుంది. ఈ ప్రసంగంలో ఆ ఈల సంగతి చూద్దాం.

జంషెడ్‌పూర్ పక్కన, ఖర్కాయి నదికి ఆవలి ఒడ్డున ఉన్న పారిశ్రామిక పట్టణం ఆదిత్యపూర్. ఉక్కు నగరానికి పనికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఆ ప్రాంతంలో ఉన్నాయి. అలాంటి ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడనుకోండి. రెండు చెవుల్లోనూ 65 డెసిబెల్స్ లోపం. మూడో ఏట చెవి వెనుక పెట్టే యంత్రాలు అమర్చారు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. ఏడాదిలో మాటలు బాగానే వచ్చాయి. ఈ మధ్య మాత్రం బడిలో 'సాత్' అంటే 'ఆఠ్' రాస్తున్నాడు. ఇంట్లో 'సారు' అన్నా 'ఆరు' అన్నా అతనికి ఒకటే. పరధ్యానం ఎక్కువైందని టీచరు అంటున్నారు.

పరధ్యానం కాదు. అతనికి 'స' వినబడడం లేదు. 'ఆ', 'ఊ' వంటి అచ్చులకు బలం ఎక్కువ. 'స్', 'శ్' సన్నని, బలహీనమైన హెచ్చు స్థాయి ధ్వనులు. యంత్రం శక్తి కాస్త తగ్గితే ముందు పోయేవి అవే.

తగ్గడానికి కారణం చెవి అచ్చు. యంత్రం నుంచి సన్నని గొట్టం ద్వారా వచ్చే ధ్వనిని ఈ మెత్తని అచ్చు చెవి లోపలికి చేరుస్తుంది. ఏడాదిలో పిల్లవాడి చెవి పెరిగింది, అచ్చు పెరగదు. చుట్టూ ఏర్పడిన సందులోంచి ధ్వని బయటికి వచ్చి మళ్లీ మైకులో పడుతుంది, పెద్దదై మళ్లీ బయటికి వస్తుంది. ఆ చక్రమే ఈల. ధ్వని తగ్గించే చక్రం యంత్రంపై ఉంటే తల్లి దాన్ని తిప్పుతుంది. కొన్ని డిజిటల్ యంత్రాలు ఈలను తామే అణచివేస్తాయి, అందుకోసం హెచ్చు స్థాయి ధ్వనులనూ తగ్గించవచ్చు. కాబట్టి ఈల లేనంత మాత్రాన అచ్చు సరిపోయిందని అనుకోకండి.

లోపం ఎక్కడుందో ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. అచ్చును చెవిలోంచి తీసి, దాని రంధ్రాన్ని బొటనవేలితో గట్టిగా మూయండి. ఈల ఆగితే యంత్రమూ గొట్టమూ బహుశా బాగానే ఉన్నట్టు. సందు చెవికీ అచ్చుకీ మధ్య ఉంది. ఆగకపోతే గొట్టం చిట్లిందేమో, పసుపు రంగుకు తిరిగి గట్టిపడిందేమో చూడాలి. చెవిలో గుబిలి నిండినా, కర్ణభేరి వెనుక నీరు చేరినా ఈల రావచ్చు. అందుకే కొత్త అచ్చు కొలతకు ముందు వైద్యుడు చెవిని చూడాలి.

కొలత తీసేటప్పుడు దారం కట్టిన చిన్న స్పాంజిని చెవి లోపల అడ్డుగా పెట్టి, మెత్తని సిలికోన్ ముద్దను ఎక్కిస్తారు. కొన్ని నిమిషాల్లో గట్టిపడుతుంది. అప్పటిదాకా పిల్లవాడు దవడ కదపకుండా కూర్చోవడమే కష్టమైన పని! మొదటి ఏడాదిలో నెలకో రెండు నెలలకో, తర్వాత కొన్నేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి అచ్చు మార్చవలసి రావచ్చు.

తల్లిదండ్రులు తరచూ మరిచే విషయం ఒకటుంది. చిన్న గదిలో మాట గట్టిగా వినిపించినట్టే, చిన్న చెవిలో అదే ధ్వనికి ఒత్తిడి ఎక్కువ. చెవి పెద్దదైతే అదే అమరికతో అందే ధ్వని తగ్గుతుంది. అందుచేత కొత్త అచ్చు వేసినప్పుడు, ఆ చెవిలో కొలిచి యంత్రాన్ని మళ్లీ సరిచేయమని ఆడియాలజిస్టును అడగండి. అచ్చు మార్చి అమరిక అలాగే వదిలేస్తే పని సగమే.

ఇక రోజువారీ పరీక్ష. నోటికి కాగితం అడ్డుపెట్టి, మామూలు గొంతుతో 'ఆ, ఈ, ఊ, మ్, శ్, స్' అని వరుస మార్చి పలకండి. వినగానే పిల్లవాడు తిరిగి పలకాలి, లేదా డబ్బాలో గోళీ వేయాలి. మొదట దగ్గరగా, తర్వాత రెండు మీటర్ల దూరం నుంచి. నిన్న పట్టుకున్న 'స్'ను ఇవాళ పట్టుకోకపోతే బ్యాటరీ, గొట్టంలో తేమ, అచ్చు వరుసగా చూడండి. మన బాబు 'ఆ' పట్టుకుంటాడు, 'స్' వదిలేస్తాడు. 'సాత్' 'ఆఠ్' అయింది ఇందుకే.

బడిలో ఈ పరీక్షను ఉదయం టీచరు చేస్తే ఒక నిమిషం. యంత్రం మాటను పెంచుతుంది, తరగతి గోలనూ పెంచుతుంది. గోడల ప్రతిధ్వని లేని చోట, దూరం రెట్టింపయినప్పుడల్లా మాట 6 డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ఒక మీటరు దూరంలో వినబడే గొంతు నాలుగు మీటర్లకు 12 డెసిబెల్స్ తక్కువ. ముందు బెంచీ కొంత ఆదుకుంటుంది. టీచరు మెడలో ధరించే మైకు నుంచి నేరుగా యంత్రానికి పంపే ఎఫ్‌ఎం పరికరం అంతకన్నా మేలు. బోర్డు వైపు తిరిగి చెప్పకూడదు, కొత్త మాటను రాసి చూపాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం, నిర్దేశిత స్థాయి వైకల్యం ఉన్న విద్యార్థులకు 18 ఏళ్ల వరకు సహాయక పరికరాలను ఉచితంగా ఇవ్వాలంటుంది. బడికి రాతపూర్వకంగా అడిగేటప్పుడు వైకల్య ధ్రువపత్రం జత చేయండి.

చివరగా ఇంటి భాష. హిందీ బడిలో చేరాడు కనుక తెలుగు మానేయమనే సలహా కొందరిస్తారు. నేను ఒప్పుకోను. తల్లికి బాగా వచ్చిన భాషలోనే ఆమె రోజంతా తడుముకోకుండా మాట్లాడగలదు. 'సారు', 'ఆరు' తేడా తెలుగులో పట్టుకున్న చెవి 'సాత్', 'ఆఠ్' తేడానూ పట్టుకుంటుంది, అచ్చు సరిగా ఉంటే.