తెల్లబోయిన ఆకాశం

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడి పొద్దున్నే ఫొటో తీసినవాళ్లకు ఒక చిక్కు బాగా తెలుసు. కింద లోయ ఇంకా నీడలోనే ఉంటుంది, పైన ఆకాశం అప్పటికే వెలిగిపోతుంటుంది. ఎర్రటి రాతి పొరలు కనబడాలని కెమెరాలోకి వెలుతురు ఎక్కువ రానిస్తే, ఇంటికొచ్చి చూసుకునేసరికి రాళ్లు చక్కగా వచ్చి ఉంటాయి, ఆకాశం మాత్రం తెల్లకాగితంలా ఉంటుంది. అలాంటి ఫొటోను లైట్‌రూమ్‌లో ఎలా దారికి తెచ్చుకోవచ్చో ఈ పూట చెబుతాను.

ముందు తేల్చుకోవలసింది ఆ తెలుపులో ఏమైనా మిగిలి ఉందా అన్నది. సెన్సర్ మీద ప్రతి బిందువూ ఒక హద్దు వరకే వెలుగును కొలవగలదు. హద్దు దాటాక ఎంత వెలుగు పడినా ఒకే అంకె నమోదవుతుంది కాబట్టి, మబ్బు అంచుకూ మధ్యభాగానికీ తేడా అక్కడితో పోతుంది. అయితే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకేసారి హద్దు దాటవు. పగటి వెలుగులో చాలా కెమెరాల్లో ముందు నిండిపోయేది ఆకుపచ్చ. తక్కిన రెండింటిలో వివరం నిలిచి ఉంటే, వాటి ఆధారంగా సాఫ్ట్‌వేర్ పోయినదాన్ని అంచనా కడుతుంది. హైలైట్ రికవరీలో పెద్ద పని ఇదే. దీనికి రా ఫైలు కావాలి. జేపెగ్ తయారయ్యేటప్పుడే కెమెరా ఆ పై అంచును కోసేస్తుంది. ఆ తర్వాత వెతికినా దొరికేది చాలా తక్కువ.

పరీక్ష సులువు. ఎక్స్‌పోజర్ మీటను మైనస్ 2 దాకా లాగి చూడండి. తెల్లటి చోట మబ్బుల గీతలో, లేత నీలమో తేలితే వివరం ఉన్నట్టే. ఏ గీతా లేని బూడిదరంగు పలక కనిపిస్తే అక్కడేమీ లేదు, ఏ మీటా దాన్ని తిరిగి తేలేదు. చూశాక ఎక్స్‌పోజర్‌ను మళ్లీ సున్నాకు తెచ్చేయండి.

వివరం ఉందనుకుందాం. ముందు హైలైట్స్ మీటను మైనస్ 70 ప్రాంతానికి తగ్గించండి. మొత్తం ఫొటోలో బాగా వెలుగున్న చోట్లే దిగుతాయి, లోయ దాదాపు అలాగే ఉంటుంది. కీబోర్డు మీద J నొక్కితే ఇంకా హద్దు దాటి ఉన్న చోట్లు ఎర్రగా కనిపిస్తాయి. సూర్యబింబం చుట్టూ కాస్త ఎరుపు మిగిలితే కంగారు పడక్కర్లేదు. సూర్యుడు తెల్లగా ఉండటమే సహజం. దాన్ని కూడా లాగేస్తే బింబం చుట్టూ మురికి పట్టినట్టు వలయం ఏర్పడుతుంది.

ఆ తర్వాతే గ్రాడ్యుయేటెడ్ ఫిల్టర్. లైట్‌రూమ్‌లో ఇప్పుడు దాని పేరు లీనియర్ గ్రేడియంట్. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే గ్రేడియంట్ ఉన్నదాన్ని చీకటి చేస్తుందే తప్ప వివరాన్ని పుట్టించదు. షిఫ్ట్ పట్టుకుని, ఆకాశం పైభాగం నుంచి లోయ అంచు దాకా నిలువుగా లాగండి. మొదలుపెట్టిన చోట పూర్తి బలం, మధ్యలో సగం, ముగిసిన చోట సున్నా. దీనికి ఎక్స్‌పోజర్ మైనస్ 0.8 ఇస్తే చాలాసార్లు సరిపోతుంది. లాగిన దూరం పొట్టిగా ఉంటే ఆకాశంలో అడ్డంగా చార పడుతుంది, అందుకని పొడవుగానే లాగాలి.

అలా లాగినప్పుడు ఎదుటి గట్టు మీది కొండలు కూడా గ్రేడియంట్ కింద పడి, తలలు నల్లబడతాయి. పని తెలిసినవాళ్లెవరైనా ముందు పట్టేసే లోపం ఇది. ఆ మాస్కును ల్యూమినెన్స్ రేంజ్‌తో ఇంటర్‌సెక్ట్ చేసి, వెలుగున్న భాగానికే పరిమితం చేస్తే నీడలోని కొండ తప్పించుకుంటుంది. ఆ రేంజ్ అంచును మరీ కోసినట్టు పెట్టకండి. పెడితే కొండ గీత వెంట సన్నటి తెల్లంచు పుడుతుంది. స్క్రీన్ మీద ఫొటోను నూరు శాతానికి పెంచి, గీత పొడవునా ఒకసారి చూసుకుంటే తెలిసిపోతుంది.

ఎంత దించాలో చెప్పేది లోయ అడుగునున్న నీరు. పెన్నాలో పడిన ఆకాశం నీడ, అసలు ఆకాశం కంటే ఎప్పుడూ కొంచెం మసకగానే ఉంటుంది. మీ ఫొటోలో నీరే ఎక్కువ వెలుగుతుంటే చెయ్యి జారిందన్నమాట. మైనస్ 0.8ని మైనస్ 0.5కి తగ్గించి మళ్లీ పోల్చి చూడండి. నాటకీయంగా నల్లబడ్డ ఆకాశం కన్నా, నీటితో పొత్తు కుదిరిన లేత ఆకాశమే నాకు నచ్చుతుంది.

ఇక పరీక్షలో బూడిద పలకే తేలితే? 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే సముద్రానికొక నెగెటివు, ఆకాశానికొక నెగెటివు తీసి, రెండింటినీ ఒకే ప్రింటులో కలిపాడు. నాటి గాజుపలకలు నీలి వెలుగుకు తొందరగా నిండిపోయేవి మరి. అదే ఉపాయం గండికోటలోనూ పనికొస్తుంది. మళ్లీ వెళ్లినప్పుడు ట్రైపాడ్ మీద, కదలకుండా, లోయకు ఒక ఫొటో, దానికంటే రెండు స్టాపులు తగ్గించి ఆకాశానికి మరొకటి తీసుకోండి. లైట్‌రూమ్‌లో రెండింటినీ ఎంచుకుని ఫొటో మెర్జ్‌లో హెచ్‌డీఆర్ నొక్కితే ఒకే ఫైలుగా కలుస్తాయి. ఆ ఫైలు మీద హైలైట్స్, గ్రేడియంట్ మళ్లీ మొదటి నుంచీ చేసుకోవచ్చు.