మెగ్నీషియం మాత్ర: డబ్బా వెనుకవైపు చదవండి

గ్రేటర్ నోయిడాలోని ఈ తెలుగు సభలో నన్ను మూడు సంగతులు చెప్పమన్నారు. మెగ్నీషియం గ్లైసినేట్ నిద్ర పట్టిస్తుందా, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం ఆపుతుందా, చవకగా దొరికే ఆక్సైడ్‌కూ దీనికీ తేడా ఏమిటి? మూడింటి కిందా ఉన్నది ఒకటే మాట. ఏ రకం మాత్ర అన్నది రెండో ప్రశ్న. ఒంట్లో మెగ్నీషియం నిజంగా తగ్గిందా, తగ్గితే ఎందుకు తగ్గింది అన్నది మొదటి ప్రశ్న. మనవాళ్లు రెండో ప్రశ్నతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతున్నారు.

ముందు తేడా సంగతి. మెగ్నీషియం ఒంటరిగా మాత్రలో ఉండదు, దేనితోనో కలిసి ఉంటుంది. ఆక్సిజన్‌తో కలిస్తే ఆక్సైడ్. అందులో బరువుకు 60 శాతం మెగ్నీషియమే. గ్లైసిన్ అనే అమైనో ఆమ్లంతో కలిస్తే గ్లైసినేట్. అందులో మెగ్నీషియం 14 శాతమే, మిగతాదంతా గ్లైసిన్. కాబట్టి డబ్బా ముందువైపు 500 మిల్లీగ్రాముల గ్లైసినేట్ అని ఉంటే, మీకు దక్కేది 70 మిల్లీగ్రాముల మెగ్నీషియం. వెనుకవైపు చిన్న అక్షరాల్లో ఎలిమెంటల్ మెగ్నీషియం అని రాసే అంకె ఇదే. అదే 500 మిల్లీగ్రాముల గ్లైసినేట్‌లో 200 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఉందని రాస్తే అది 40 శాతం అవుతుంది. శుద్ధమైన గ్లైసినేట్‌కు అది సాధ్యం కాదు. అందులో ఆక్సైడ్ కలిపి ఉండాలి, లేదా లెక్క తప్పయినా అయి ఉండాలి. ఈ భాగాహారం మందుల షాపులో నిలబడే చేసుకోవచ్చు.

అయితే ఆక్సైడ్ దండగేనా? అది నీళ్లలో సరిగా కరగదు, కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. కరగకుండా పేగుల్లోకి దిగింది నీటిని లాగుతుంది; అందుకే ఆక్సైడ్ ఎక్కువైతే విరేచనాలు. గ్లైసినేట్ ఈ విషయంలో మెత్తన. ఇంతవరకు ప్రకటనలు చెప్పేది నిజమే. కానీ ఒంటికి పట్టడంలో ఆకాశానికీ భూమికీ ఉన్నంత తేడా ఉందా? 1994లో అమెరికాలో చిన్నపేగు చివరి భాగం తీసేసిన 12 మంది మీద రెండింటినీ పోల్చి చూశారు. సగటున రెండూ సుమారు 23 శాతమే ఒంటికి పట్టాయి. ఆక్సైడ్ బొత్తిగా పట్టనివాళ్లలో మాత్రం గ్లైసినేట్ రెట్టింపు పట్టింది. ఇతర పరిశోధనల్లో ఆక్సైడ్ ఇంకా వెనుకబడింది, నిజమే. ఏమైనా గ్లైసినేట్ మేలు ప్రధానంగా కడుపుకు. నిద్రకు ప్రత్యేకం అనడానికి ఆధారం పలుచన.

నిద్ర విషయంలో తరచుగా చూపించే పాత పరీక్ష ఇరాన్‌లో 2012లో జరిగింది. 46 మంది వృద్ధుల్లో కొందరికి 8 వారాలు రోజుకు 500 మిల్లీగ్రాముల మెగ్నీషియం ఇచ్చారు, నిద్ర కొంత మెరుగైంది. ఇచ్చింది ఆక్సైడ్! గ్లైసినేట్‌నే నేరుగా పరీక్షించిన జర్మనీ అధ్యయనం 2025లో వచ్చింది. నిద్ర సరిగా లేదన్న 155 మందిలో, 28 పాయింట్ల నిద్రలేమి కొలతలో మాత్ర వేసుకున్నవాళ్లకు 3.9 పాయింట్లు తగ్గితే, ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకు 2.3 తగ్గింది. లాభం ఉంది, చిన్నది. గ్లైసిన్ కూడా నిద్రకు మంచిదంటారు కదా అనవచ్చు. జపాన్‌లో దాన్ని పరీక్షించింది 3 గ్రాముల మోతాదుతో. మన 70 మిల్లీగ్రాముల మాత్రతో వచ్చేది అర గ్రాముకు కాస్త తక్కువ.

పిక్కల సంగతి ఇంకా తేటగా ఉంది. 2017లో ఇజ్రాయెల్‌లో రాత్రిపూట పిక్కలు పట్టేసే 94 మందిని చూశారు. మెగ్నీషియం ఆక్సైడ్ వేసుకున్నవాళ్లకు వారానికి దాదాపు 8 సార్లు పట్టేది నాలుగున్నరకు తగ్గింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకూ ఎనిమిదిన్నర నుంచి ఐదున్నరకు తగ్గింది. ‘వేసుకున్నాక నాకు తగ్గింది’ అనేవాళ్లు అబద్ధమాడటం లేదు. వేసుకోకపోయినా చాలామందికి తగ్గేదే. అది ఆక్సైడ్ కాబట్టి పనిచేయలేదేమో అనే అభ్యంతరం న్యాయమైనదే. కానీ పరీక్షలన్నీ కలిపి చూసిన 2020 నాటి కోక్రేన్ సమీక్ష కూడా పెద్దవయసువారికి చెప్పుకోదగ్గ మేలు ఉండకపోవచ్చనే తేల్చింది.

మరి మెగ్నీషియం తగ్గేది ఎక్కడ? ఈ వేదిక మీదే చూడండి, అందరి ముందూ ఆర్వో నీళ్ల సీసాలు. తాగునీటి జాతీయ ప్రమాణం లీటరుకు 30 మిల్లీగ్రాముల మెగ్నీషియం వరకు ఆమోదయోగ్యం అంటుంది. అలాంటి నీళ్లు రెండు లీటర్లు తాగితే 60 మిల్లీగ్రాములు, దాదాపు ఒక గ్లైసినేట్ మాత్ర. ఆర్వో దాన్ని చాలావరకు వడగట్టి మోరీలో పోస్తుంది. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే ఆర్వో వద్దని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లోనే చెప్పింది. ఇక్కడి బోరు నీళ్లకు ఆర్వో తప్పదంటారా, సరే. కానీ మీ నీటి టీడీఎస్ ఎంతో కొలిచాకే ఆ మాట అనండి.

నీళ్ల కన్నా పెద్ద నష్టం కంచంలో ఉంది. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టింది. ఆ సంస్థ 2017 ఆహార పట్టికలు ప్రతి ఇంట్లో పంచాంగం పక్కన ఉండాలని నా అభిప్రాయం, మీరూ కాదనరనుకుంటాను. వాటిలో 100 గ్రాముల పాలిష్ బియ్యానికి 19 మిల్లీగ్రాముల మెగ్నీషియం, పాలిష్ పట్టని బియ్యానికి 94. జొన్నలకు 133, సజ్జలకు 124, రాగులకు 146, గోధుమపిండికి 125. రోజుకు 300 గ్రాముల పాలిష్ బియ్యం తినేవారు ముడిబియ్యానికి మారితే 225 మిల్లీగ్రాములు అదనం, అంటే మూడు మాత్రలకు పైనే. తవుడులోని ఫైటేట్లు దాన్ని పట్టనివ్వవని కొందరంటారు. కొంత అడ్డుకుంటాయి, ఐదు రెట్ల తేడాను మొత్తం మింగేయవు. తెల్లగా, సన్నగా ఉంటేనే అన్నం అనుకునే కాలం వచ్చింది. తవుడు పశువులకు పోసి, మెగ్నీషియం సీసాలో కొంటున్నాం. ఇక్కడి పొరుగువారి ఇళ్లలో చలికాలం సజ్జరొట్టె ఇంకా కాలుస్తారు, దాన్నయినా నేర్చుకోండి.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, కాబట్టి మిగిలింది టూకీగా. నెలల తరబడి రోజూ గ్యాస్ మాత్ర మింగేవారికి మెగ్నీషియం పడిపోవచ్చని అమెరికా ఔషధ సంస్థ 2011లో హెచ్చరించింది. వారు ముందు ఆ మాత్ర గురించి డాక్టర్‌ను అడగాలి. ఒంట్లోని మెగ్నీషియంలో ఒక శాతం లోపే రక్తంలో ఉంటుంది కాబట్టి రిపోర్టు బాగున్నంత మాత్రాన లోపం లేదని చెప్పలేం. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టర్ చెప్పకుండా ఏ రకమూ వేసుకోకూడదు, ఎందుకంటే ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే. థైరాయిడ్ మాత్రకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. లోపం ఉంది, ఆక్సైడ్ కడుపుకు పడటం లేదు అన్నవారికి గ్లైసినేట్ మంచి మందే. మిగతావారు ఆ డబ్బుతో ముడిబియ్యం కొనుక్కోండి.