చొక్కా ఉతికితే ఎందుకు చిన్నదవుతుంది? ఏ సైజు కొనాలి?

ఈరోజు మా తమ్ముడి చొక్కా గురించి మాట్లాడుకుందాం. నవ్వకండి, ఆ చొక్కా వల్ల మాకు పన్నెండు వందలు పోయాయి.

వాడికి ఉద్యోగం ఇంటర్వ్యూ ఉందని ప్రొద్దుటూరులో మంచి తెల్ల కాటన్ గుడ్డ కొన్నాం. టైలర్ మామ కొలతలు తీసుకుని, పొడవు 29 అంగుళాలు, ఛాతీ 42 పెట్టి కుట్టాడు. వేసుకుంటే భలే ఉంది. ఇంటర్వ్యూ ఇంకో రెండు వారాలు వెనక్కి జరిగింది. ఈలోపు వాడు దాన్ని రెండుసార్లు ఉతికేశాడు. తీరా వేసుకుని కడపకు బస్సెక్కి, పైన రాడ్ పట్టుకోగానే చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చేసింది. చేతులు మణికట్టు పైకి పోయినాయి. టేపు పెట్టి చూస్తే పొడవు ఇరవై ఏడున్నర, ఛాతీ 41.

ఇక్కడ ఒక విషయం గమనించండి. పొడవులో ఒకటిన్నర అంగుళం తగ్గింది, అంటే దాదాపు 5 శాతం. ఛాతీలో తగ్గింది ఒక్క అంగుళమే, అంటే రెండున్నర శాతం కూడా లేదు. నిలువుగా ఎక్కువ, అడ్డంగా తక్కువ. ఎందుకిలా?

చాలామంది దారమే కుంచించుకుపోతుంది అనుకుంటారు. కాదు. పత్తి పోగు నీళ్లు తాగితే పొడవులో పెద్దగా మారదు, లావవుతుంది. మీ ఇంట్లో నులక మంచం ఉంటే వానకు తడిసినప్పుడు చూసే ఉంటారు, నులక బిగుసుకుపోతుంది. గుడ్డలో కూడా అదే కథ. నిలువు దారాలు పడుగు, అడ్డ దారాలు పేక. ప్రతి దారం పక్క దారం పైనుంచి, కిందనుంచి వంకర్లు తిరుగుతూ పోతుంది. దారాలన్నీ లావైతే ఒక్కో దారం తిరగాల్సిన వంకర పెద్దదవుతుంది. దారం పొడవు మాత్రం అంతే ఉంది కదా, అందుకని గుడ్డే దగ్గరికి లాక్కుంటుంది. ఆరాక దారాలు మళ్లీ సన్నబడతాయి, కానీ గుడ్డను వెనక్కి లాగేవాళ్లు ఎవరూ లేరు. అలాగే ఉండిపోతుంది.

మరి పొడవులోనే ఎందుకు ఎక్కువ? మగ్గం మీదైనా మిల్లులోనైనా పడుగును బాగా బిగించి లాగిపెడతారు, తెగకుండా గంజి పెడతారు. తర్వాత రంగు వేసేటప్పుడు, ఇస్త్రీ చేసేటప్పుడు కూడా గుడ్డను పొడవునే లాగుతారు. అలా సాగిన గుడ్డే షాపుకొస్తుంది. మనం మొదటిసారి నీళ్లలో వేసినప్పుడు గంజి పోతుంది, ఆ సాగుడు కూడా వదిలేస్తుంది. అందుకే తగ్గేదాంట్లో ఎక్కువ భాగం మొదటి ఉతుకులోనే తగ్గుతుంది. రెండోసారి, మూడోసారి ఇంకొంచెం. ఆ తర్వాత దాదాపు ఆగిపోతుంది.

ఎండలో ఆరేస్తే చిన్నదవుతుందని మా అమ్మ అంటుంది. మన కర్నూలు, కడప ఎండకు రంగు పోతుంది కానీ చిన్నదయ్యేది ముఖ్యంగా నీళ్లలోనే. అయితే ఒకటి, ఎండాకాలం మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు ఎంత వేడిగా ఉంటాయో తెలుసుగా? ఆ వేడికి గుడ్డ ఇంకాస్త త్వరగా లాక్కుంటుంది.

సరే, గుడ్డ కొని కుట్టించుకుంటుంటే ఏం చేయాలి? పాతకాలం టైలర్ మొదట అడిగే మాట, "ఏం అబ్బీ, గుడ్డ తడిపినావా?" మేం తడపలేదు, మామ అడగలేదు. చేయాల్సింది ఇంతే. గుడ్డను రాత్రంతా బకెట్ నీళ్లలో నానబెట్టండి. పొద్దున పిండకుండా తీసి నీడలో ఆరేయండి, ఇస్త్రీ చేయించి టైలర్‌కివ్వండి. ముందే తెలుసుకోవాలంటే, తడపకముందు గుడ్డ మూల దగ్గర పెన్నుతో నిలువుగా 50 సెంటీమీటర్లు గీసి గుర్తు పెట్టుకోండి. ఆరాక కొలవండి. 48 వచ్చిందంటే 4 శాతం తగ్గినట్టు. అందుకే కొనేటప్పుడే కాస్త ఎక్కువ తీసుకోవాలి. రెండుంపావు మీటర్లు కావాలంటే రెండున్నర దగ్గర కొనండి.

తడిపే టైం లేదా? అప్పుడు కొలతలో కలపాలి. 29 అంగుళాల చొక్కా 5 శాతం తగ్గుతుందనుకుంటే, ముప్పైన్నర పెట్టి కుట్టమనండి. 24 అంగుళాల చేతికి ఒకటింపావు కలపాలి. ఛాతీకి ఒక అంగుళం చాలు. కానీ ఇది అంచనా మాత్రమే, గుడ్డ గుడ్డకూ తేడా ఉంటుంది. తడపడమే నమ్మకం.

రెడీమేడ్, ఆన్‌లైన్ సంగతికొద్దాం. అందరూ చేసే పని, "ఎలాగూ తగ్గుతుంది కదా" అని ఒక సైజు పెద్దది కొనడం. ఇక్కడే మోసపోతాం. మీడియం నుంచి లార్జ్‌కి పోతే చాలా బ్రాండ్లలో ఛాతీ రెండంగుళాలు పెరుగుతుంది, భుజం కూడా వెడల్పవుతుంది. పొడవు పెరిగేది దాదాపు ఒక అంగుళం. మనకు తగ్గేది పొడవులో. అంటే ఉతికాక పొడవు సరిపోవచ్చు గానీ, భుజాలు చేతుల మీదికి జారుతుంటాయి. టీషర్టులో ఇంకా విచిత్రం. అది నేత కాదు, అల్లిక. ఉతికితే పొడవు తగ్గి, కొన్నిసార్లు అడ్డంగా వెడల్పవుతుంది కూడా.

నేనైతే ఇలా చేస్తా. నాలుగైదు నెలలుగా ఉతుకుతున్న, నాకు బాగా సరిపోయే టీషర్టును నేలమీద పరిచి కొలుస్తా. చంకల దగ్గర అడ్డంగా 20, పొడవు 27 అనుకోండి. ఆన్‌లైన్ సైజ్ చార్ట్‌లో ఒంటి కొలతలు కాదు, బట్ట కొలతలు వెతుకుతా. పొడవు ఇరవై ఎనిమిదిన్నర ఉన్నది తీసుకుంటే 5 శాతం పోయినా 27 మిగులుతుంది. ఛాతీ నా కొలతకు దగ్గరగా ఉంటే చాలు. లేబుల్‌పై "ప్రీ-ష్రంక్" అనో "శాన్‌ఫరైజ్డ్" అనో ఉంటే పెద్దది అక్కర్లేదు, సరైన సైజే కొనండి. శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే అమెరికన్ పేరుమీద వచ్చిన మాట అది. గుడ్డను ఆవిరితో తడిపి, రబ్బరు బెల్టు మధ్య పొడవునా ముందే కుదించేస్తారు. తర్వాత తగ్గేది ఒక శాతం దగ్గరే. పాలిస్టర్ ఎక్కువ కలిసిన గుడ్డ కూడా పెద్దగా తగ్గదు.

ఇక ఉన్ని. బెంగళూరు, ఢిల్లీ వెళ్లేవాళ్లు స్వెటర్లు కొంటారు కాబట్టి చెప్తున్నా. పత్తి లెక్క దీనికి పనికిరాదు. గొర్రె వెంట్రుక మీద చేప పొలుసుల్లాంటివి ఉంటాయి. వేడినీళ్లు, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే ఆ పొలుసులు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కుని, ఇక విడిపోవు. పత్తిలాగా రెండు మూడు ఉతుకులకు ఆగదు, ఉతికిన ప్రతిసారీ ఇంకా చిన్నదవుతూ మందమవుతూ పోతుంది. అందుకే స్వెటర్‌ను ఒక సైజు పెద్దది కొంటే ఏం లాభం లేదు. సరైన సైజు కొని, చల్లటి నీళ్లలో తక్కువ సబ్బుతో, రుద్దకుండా ముంచి తీయాలి. తువ్వాలులో చుట్టి ఒత్తి, నేలమీద పరిచి ఆరబెట్టాలి. తీగమీద వేలాడదీస్తే తడి బరువుకు సాగిపోతుంది. "మెషీన్ వాష్" అని లేబుల్‌పై రాసి ఉన్న ఉన్నికి ఆ పొలుసుల పనిని ముందే అణిచేసి ఉంటారు, దాన్ని లేబుల్‌లో చెప్పినట్టు మెషీన్‌లో వేయొచ్చు.

ఇదంతా నేను నేర్చుకున్నది మెరినో స్వెటర్‌ను ట్యాంకు వేడినీళ్లలో వేసి, బట్టల బండమీద బ్రష్‌తో రుద్దిన తర్వాత. ఆ స్వెటర్ ఇప్పుడు మా అక్క కూతురికి సరిగ్గా సరిపోతుంది. దానికి ఆరేళ్లు.