తెల్లకాగితం మీద బ్రేకియల్ ప్లెక్సస్

ఫస్ట్ ఎంబీబీఎస్ తప్పిన పిల్లల గురించి మూడు మాటలు చెప్పమన్నారు. 1923లో మొదలైన మన ఆంధ్రా మెడికల్ కాలేజీలో అలాంటి పిల్లలు లేని బ్యాచ్ నేనెరగను.

ఫైనలియర్ కుర్రాడొకడు అనాటమీ తప్పిన జూనియర్‌కి రాసిన ఉత్తరం నా దగ్గరుంది. ధైర్యం చెప్పేవాళ్లంతా యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ తప్పిన సంగతి ఎత్తుకుంటారు. ఇతను ఎత్తలేదు. "తమ్ముడూ, ప్రాక్టికల్ గట్టెక్కింది, థియరీ పోయింది. అంటే నీకు తెలియక కాదు, పుస్తకం మూస్తే రాయలేకపోతున్నావు. ఈ రాత్రి తెల్లకాగితం మీద బ్రేకియల్ ప్లెక్సస్ గియ్యి" అని మొదలుపెట్టాడు.

ఎలా గియ్యాలో కూడా రాశాడు. సీ5 నుంచి టీ1 దాకా అయిదు రూట్లు. పై రెండూ కలిస్తే అప్పర్ ట్రంక్, సీ7 ఒంటరిగా మిడిల్, కింది రెండూ కలిస్తే లోయర్. ఒక్కో ట్రంక్ ముందుకీ వెనక్కీ రెండుగా చీలుతుంది. వెనకవి మూడూ కలిసి పోస్టీరియర్ కార్డ్ అవుతాయి. ఆగిపోయిన చోట ఎర్రపెన్నుతో సున్నా చుట్టి, అప్పుడే పుస్తకం తెరవాలి. మర్నాడు పొద్దున్నే పుస్తకం ముట్టకుండా మళ్లీ గియ్యాలి. సున్నా అక్కడే పడితే, రాత్రి చదివింది కళ్లకు అలవాటైందే గానీ చేతికి రాలేదన్నమాట.

ఇప్పుడు ఈ హాలు చూడండి. నా వెనక తెర ఉంది, నల్లబల్ల లేదు. మా మాస్టార్లు రంగు సుద్దలతో ఒక్కో గీతా గీస్తుంటే మేమూ వెంట గీసేవాళ్లం. చెయ్యి నేర్చుకునేది. నేటి పిల్లలు స్లైడును ఫోన్లో ఫోటో తీసుకుంటున్నారు. ఆ బొమ్మ వాళ్ల చేతి మీదుగా ఒక్కసారైనా వెళ్లడం లేదు. ఇది నాకు నిజంగా బాధ.

ఉత్తరంలో నాకు బాగా నచ్చింది తర్వాతి మాట. "బొమ్మ గీసి ఊరుకోకు. గాజువాక హైవే మీద బైకు నుంచి భుజం మీద పడ్డవాణ్ని తలుచుకో. మెడా భుజమూ ఎడమై అప్పర్ ట్రంక్ సాగి తెగింది. చెయ్యి ఎందుకు వేలాడుతోంది? డెల్టాయిడ్ పనిచెయ్యడం లేదు. మోచెయ్యి ఎందుకు మడవలేడు? బైసెప్స్ పోయింది. అరచెయ్యి వెనక్కెందుకు తిరిగింది? తిప్పి నిలిపే కండరాలకు నరం అందలేదు. ఎర్బ్స్ పాల్సీ అంటే ఇదే. నీ బొమ్మలో సీ5, సీ6 కలిసే చోట వేలుపెట్టి ఇదంతా చెప్పగలిగితే అప్లైడ్ ప్రశ్న నిన్నేం చెయ్యలేదు."

టైమైందని చీటీ వచ్చింది. ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మాటలు మరోసారి. ఉత్తరంలో చివరి వాక్యం మాత్రం చదివేస్తాను: "ఫస్ట్ ఇయర్‌కి నాలుగు అటెంప్టులే. సప్లిమెంటరీ ఫీజు రేపే కట్టెయ్, రసీదు తీసుకుని నా రూముకి రా, రెండో బొమ్మ లంబార్ ప్లెక్సస్."