ఫోటోలో వచ్చిన చెక్కు నోటీసును చదివే తీరు



మొన్న ఒక పండ్ల వ్యాపారి ఆంగ్లంలో ఉన్న నోటీసును ఫోటో తీసి మాకు పంపారు. వడ్డీకి తెచ్చిన అప్పు కింద ఆయన ఇచ్చిన 80,000 రూపాయల చెక్కు బ్యాంకులో చెల్లలేదు. ఫోటోలో మొదటి పుట మాత్రమే ఉంది. మిగిలిన పుటలతో పాటు కవరు ఫోటో కూడా పంపమని కోరాము. నోటీసు మీది తేదీ మార్చి 3. కవరు ఆయన చేతికి అందినది మార్చి 8. చట్టం లెక్కించేది అందిన తేదీనే. ఆ రోజును వదలి 15 రోజులు లెక్కిస్తే గడువు మార్చి 23తో ముగుస్తుంది.

ఇక అనువాదం. ‘కాల్డ్ అపాన్’ అన్న మాట చూసి, తనను కోర్టుకు పిలిచారని ఆయన భయపడ్డారు. ఇక్కడ దాని అర్థం ‘మిమ్మల్ని కోరుచున్నాము’ అని మాత్రమే. ఇది వకీలు పంపిన కాగితం, కోర్టు సమను కాదు. ‘వితౌట్ ప్రెజుడిస్’ అన్నదాన్ని ఎవరో ‘పక్షపాతం లేకుండా’ అని చెప్పారట. నిఘంటువు పట్టుకుని చేసే అనువాదం ఇలాగే ఉంటుంది. ‘ఈ నోటీసు ఇచ్చినంత మాత్రాన మా ఇతర హక్కులను వదులుకోవడం లేదు’ అన్నది దాని భావం. ‘డిసానర్’ అంటే అగౌరవం కాదు, చెక్కు చెల్లకుండా తిరిగి రావడం.

ఆయన చేయవలసినదేమిటి? నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, ఆ 15 రోజులలో చెక్కు మొత్తం చెల్లిస్తే ఆ సెక్షన్ కింద నేరం ఏర్పడదు. నోటీసులో వడ్డీ, వకీలు ఫీజు విడిగా అడిగారు. అవి తమకు రావలసి ఉన్నాయనుకుంటే వారు సివిల్ దావా వేసుకోవాలి. గడువులోగా చెల్లించకపోతే, ఆ తర్వాత ఒక నెలలోపు మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేయవచ్చు. నేరం రుజువైతే రెండేళ్ల వరకు జైలు, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

అయితే మాటల మధ్యలో మరో సంగతి బయటపడింది. చెక్కును బ్యాంకులో వేయకముందే ఆయన 30,000 తిరిగి చెల్లించారు, రసీదులూ ఉన్నాయి. చెక్కు ఇచ్చాక కొంత బాకీ తీరినా, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికే బ్యాంకులో వేస్తే 138 వర్తించదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. అలాగని మౌనంగా ఉండరాదు. సంతకం ఒప్పుకున్న చెక్కు బాకీ కోసమే ఇచ్చారని కోర్టు మొదట భావిస్తుంది. కాదని చూపవలసిన భారం ఇచ్చినవారిదే. అందుచేత రసీదుల నకళ్లు జతచేసి, గడువులోగానే వకీలు ద్వారా పోస్టులో జవాబు పంపించాము. మిగిలిన బాకీ ఎగ్గొట్టే ఉద్దేశం లేదని కూడా అందులో రాయించాము.

కొందరు పోస్ట్‌మన్‌ను చూసి కవరు తీసుకోకుండా తిప్పి పంపుతారు. సరైన చిరునామాకు వచ్చిన రిజిస్టర్డ్ నోటీసును నిరాకరిస్తే, అది అందినట్లే కోర్టు పరిగణిస్తుంది. గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది, లోపల ఏముందో తెలియకుండా.

వకీలుకు ఇచ్చుకోలేని స్త్రీలు, తక్కువ ఆదాయం గలవారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకుంటే ఉచితంగా వకీలును నియమిస్తారు. వెళ్లేటప్పుడు నోటీసుతో పాటు కవరు, చెక్కు వివరాలు, రసీదులు తీసుకువెళ్లండి.